అసెంబ్లీలో నీళ్ల గురించి మూడు నిమిషాలు: ఏ నల్లా దగ్గర ఎన్ని నీళ్లు పోతున్నాయి?

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరోజు పొద్దున్నే స్టాఫ్‌రూముకు వచ్చి మూడు పేజీల కాగితం చేతిలో పెట్టింది. "సార్, సోమవారం అసెంబ్లీలో నీళ్ల పొదుపు మీద స్పీచ్ నాదే. ఒకసారి చూడండి" అంది. చూశాను. నీరు ప్రాణాధారం, భూమి మీద నీళ్లలో తాగడానికి పనికొచ్చేవి కొంచెమే, ప్రతి బొట్టూ విలువైనదే, కాబట్టి మనమందరం నీటిని కాపాడుకుందాం. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ ఆ స్పీచ్ విని తరగతికి వెళ్లిన పిల్లవాడు మధ్యాహ్నం నల్లా దగ్గర నిలబడినప్పుడు ఏం చేయాలో అందులో ఎక్కడా లేదు.

"మన బడిలో నీళ్లు ఎక్కువ ఎక్కడ పోతున్నాయి బిడ్డా?" అని అడిగాను. క్షణం ఆలోచించకుండా గేటు పక్కనున్న నల్లా వైపు చూపించింది. అది నెలల తరబడి బొట్లు బొట్లుగా కారుతూనే ఉంది. నన్నడిగినా అదే చెప్పేవాణ్ణి. సరే, కొలిచి చూద్దామని ఇద్దరం ఒక అరలీటరు ఖాళీ సీసా తెచ్చి ఆ నల్లా కింద పెట్టాం.

సీసా నిండడానికి సరిగ్గా 40 నిమిషాలు పట్టింది. రోజుకు 1440 నిమిషాలు. అంటే 36 సీసాలు, 18 లీటర్లు. అది ఆదివారం కారుతుంది, దసరా సెలవుల్లోనూ కారుతుంది. నెలకు 540 లీటర్లు. బొట్లు లెక్కపెట్టి గుణించే పద్ధతి ఒకటి ఉందిగానీ, బొట్టు పరిమాణం నల్లా నల్లాకూ మారుతుంది కాబట్టి ఆ లెక్క ఎటుపడితే అటు పోతుంది. సీసా, గడియారం ఉంటే ఆ గొడవ లేదు.

540 లీటర్లు అనగానే అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి. స్పీచ్‌కు అంకె దొరికిందని సంతోషం. మధ్యాహ్నం దాకా ఆగమన్నాను.

మా బడిలో సుమారు 400 మంది పిల్లలు. భోజనాల గంట కొట్టగానే వరుసగా ఉన్న నల్లాల దగ్గర చేతులు కడుక్కోవడానికి బారులు తీరుతారు. ఎవరూ లేనప్పుడే ఒక నల్లా తిప్పి లీటరు సీసా పట్టి చూశాం. 10 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 6 లీటర్లు. (అన్ని నల్లాలూ ఒకేసారి తిప్పితే ధార కొంత సన్నబడుతుంది, కాబట్టి ఈ లెక్కను కాస్త అటూఇటూగానే తీసుకోవాలి.) తర్వాత గడియారం పట్టుకుని పక్కన నిలబడి ఒక్కొక్కరికీ నల్లా ఎంతసేపు తెరిచి ఉంటుందో చూశాం. చేతులు తడుపుతారు, సబ్బు తీసుకుంటారు, రుద్దుతారు, పక్కవాడితో రెండు మాటలు మాట్లాడతారు, కడుగుతారు. మొత్తం 30 సెకన్ల దాకా పడుతోంది. అందులో చేతుల మీద నీళ్లు నిజంగా అవసరమైనది 10 సెకన్లు. మిగతా 20 సెకన్లు ధార నేరుగా మోరీలోకే పోతోంది.

20 సెకన్లంటే 2 లీటర్లు. 400 మందికి 800 లీటర్లు. ఒక్క పూటలో, అదీ అరగంట లోపల. నెలకు 24 పనిదినాలు వేసుకున్నా 19,200 లీటర్లు. గేటు దగ్గరి నల్లా నెలంతా రాత్రింబవళ్లు కారితే పోయేది 540. అలాంటి కారే నల్లాలు 35కు పైగా ఉంటేగానీ భోజనాల గంట నష్టానికి సమానం కాదు. కారే నల్లా అందరి కంట్లో పడుతుంది, ఎందుకంటే అక్కడ మనిషి ఉండడు, బొట్టు మాత్రమే కనబడుతుంది. ధార కింద చేతులు ఉన్నప్పుడు మాత్రం ఆ నీళ్లు వాడకంలో ఉన్నట్టే మనకు తోస్తుంది.

పిల్లలు నల్లా ఎందుకు కట్టరు? ఈ ప్రశ్న అడగకుండా "నల్లా కట్టండి" అని ఎన్నిసార్లు చెప్పినా పని జరగదు. పక్కన నిలబడి చూస్తే కారణాలు తెలిశాయి. సబ్బు చేతులతో మరతిప్పే నల్లా పట్టు చిక్కదు, జారిపోతుంది. దాన్ని పూర్తిగా కట్టాలంటే మూడు నాలుగు చుట్లు తిప్పాలి. వెనక వంద మంది ఉన్నారు, "తొందరగా కానీ" అని తోస్తున్నారు. పైగా తన తర్వాత వచ్చేవాడికి మళ్లీ తిప్పే శ్రమ లేకుండా తెరిచి వదలడం మర్యాద అనుకునే పిల్లలూ ఉన్నారు. వీటిలో ఏదీ నిర్లక్ష్యం కాదు. కాబట్టి మందు కూడా ఉపదేశం కాదు. వరుస పక్కన రెండు బకెట్ల నీళ్లు, రెండు మగ్గులు పెట్టి, ఒకరు మగ్గుతో చేతులు తడిపి పంపిస్తే, పిల్లలు వరుసలో నడుస్తూనే సబ్బు రుద్దుకుంటారు. నల్లా దగ్గరికి వచ్చేసరికి కడుక్కోవడమే మిగులుతుంది.

ఇక్కడ ఒక హద్దు చెప్పాలి. నీళ్ల పొదుపు పేరుతో చేతులు కడగడంలో కోత పెట్టమని పిల్లలకు ఎప్పుడూ చెప్పకూడదు. సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి, పారే నీళ్లతో కడగాలి. ఒకే తొట్టిలో అందరూ చేతులు ముంచడం పొదుపు కాదు, జబ్బు. మిగిల్చేది రుద్దే 20 సెకన్లలో పోయే నీళ్లనే. కంచాల విషయంలో మాత్రం తొట్టి పనికొస్తుంది. మెతుకులు ముందే కుక్కలకో కోళ్లకో వేసే బుట్టలో దులిపి, సబ్బు రుద్దడం అయ్యాక మొదటి కడుగు తొట్టిలో, చివరి కడుగు నల్లా కింద. మెతుకులు అంటుకున్న కంచాన్ని ధార కింద పట్టుకుని ఆ ధాటికే అవి పోవాలని చూస్తే చాలాసేపు పడుతుంది.

అయితే కారే నల్లాను వదిలేయాలా? వద్దు. అది ఒక్కసారి బాగు చేస్తే రోజూ ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేని పొదుపు. మరతిప్పే నల్లాలో లోపల మర చివర ఒక చిన్న రబ్బరు వాషర్ ఉంటుంది. కట్టినప్పుడు అది నీళ్లొచ్చే రంధ్రం అంచు మీద కూర్చుని దారి మూస్తుంది. బోరు నీళ్లలో సున్నం, సన్న ఇసుక ఉంటాయి. కొన్నాళ్లకు రబ్బరు గట్టిపడి, గీతలు పడి, అంచు మీద సరిగా కూర్చోదు. బొట్టు మొదలవుతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? ఇంకా గట్టిగా బిగిస్తాం. ఆ బిగింపుకు వాషర్ మరింత నలిగి, కింద ఇత్తడి అంచు కూడా అరిగిపోతుంది. అంచు దెబ్బతిన్నాక కొత్త వాషర్ వేసినా కారుతూనే ఉంటుంది, నల్లానే మార్చాలి. అందుకే మొదటి బొట్టు కనబడ్డ వారంలోనే వాషర్ మార్చడం మంచిది. లైనుకున్న గేట్ వాల్వు కట్టి, పానాతో నల్లా తల విప్పి, పాత వాషర్ తీసి కొత్తది పెట్టి బిగించడమే. వాషర్ ఖరీదు కొద్ది రూపాయలు. మాది పది నిమిషాల్లో అయింది, తొమ్మిదో తరగతి పిల్లలు చుట్టూ నిలబడి చూశారు. పావు చుట్టు తిప్పితే కట్టుకునే కొత్తరకం నల్లాల్లో ఈ వాషర్ ఉండదు, లోపలి కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి.

మూడో చోటు ట్యాంకు. మాది 2000 లీటర్ల నల్ల ట్యాంకు, బోరు మోటారుతో నిండుతుంది. మోటారు వేసిన మనిషి వేరే పనిలో పడతాడు, నీళ్లు పొర్లి గోడ మీదుగా కారడం చూసి ఎవరో ఒకరు కేక వేస్తారు. పొర్లే గొట్టం కింద 20 లీటర్ల బకెట్ పట్టాం. 30 సెకన్లలో నిండింది. నిమిషానికి 40 లీటర్లు. పావుగంట ఎవరూ చూసుకోకపోతే 600 లీటర్లు, అంటే గేటు నల్లా నెలంతా కార్చిన దానికంటే ఎక్కువ. ఈ లెక్కలోనే దానికి మందు కూడా ఉంది. 2000 లీటర్లు నిండడానికి 40 చొప్పున 50 నిమిషాలు పడుతుంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యాక ఎవరూ మోటారు వేయరు కాబట్టి సగముంటే 25 నిమిషాలు. మోటారు వేస్తూనే ఫోన్లో అలారం పెట్టుకుంటే చాలు. నీటిమట్టం చూసి తనంతట తానే మోటారు ఆపే స్విచ్చి పెట్టించుకోగలిగితే ఇంకా నయం.

వాషర్ మార్చాక నాకు ఇంకో అనుమానం మిగిలింది. కనబడనిదేమన్నా ఉందా? నీళ్ల మీటరు ఉన్నచోట ఇది తేలిక. బడి మూసేటప్పుడు ఒక అంకె, తెల్లారి ఒక అంకె రాసుకోవాలి. సంపులోకి నీళ్లు రాకుండా వాల్వు కట్టి చూడకపోతే మాత్రం సంపు నిండుతున్న నీళ్లను కారుడని పొరబడతాం. మాకు మీటరు లేదు కాబట్టి కర్ర వాడాం. శనివారం సాయంత్రం 5 గంటలకు ట్యాంకులో నిటారుగా కర్ర దించి, తడి ఎంతవరకు ఉందో గీత గీశాం. 92 సెంటీమీటర్లు. సోమవారం పొద్దున 8 గంటలకు మళ్లీ దించాం. 81.

ఆదివారం బడిలో ఎవరూ లేరు, మోటారు వేయలేదు, నల్లాలన్నీ కట్టే ఉన్నాయి. అయినా 11 సెంటీమీటర్లు దిగింది. ట్యాంకు అడ్డకొలత 1.3 మీటర్లు, వ్యాసార్ధం 0.65. పిల్లలకు తెలిసిన సూత్రమే, 3.14 × 0.65 × 0.65. ఒక సెంటీమీటరుకు దాదాపు 13 లీటర్లు. 11 సెంటీమీటర్లకు 143 లీటర్లు, 39 గంటల్లో. గేటు నల్లా అంతసేపట్లో కార్చగలిగింది 30 లీటర్లు కూడా కాదు, పైగా అది అప్పటికే బాగయింది. అంటే ఎక్కడో నేల కింద పోతోంది. అప్పుడు ఒక్కో రాత్రి ఒక్కో లైను వాల్వు కట్టి చూశాం. మరుగుదొడ్ల లైను కట్టిన రాత్రి కర్ర మీద గీత కదల్లేదు. ఆ గోడ వెనక్కి వెళ్లి చూస్తే, మార్చి నెలలో ఊరంతా ఎండిపోయిన గడ్డి అక్కడ మాత్రం చాప పరిచినట్టు పచ్చగా ఉంది. పైపు జాయింటు దాని కిందే పగిలింది.

ఇళ్లలో ఫ్లష్ తొట్టి ఉంటే అక్కడా ఇలాంటి కనబడని కారుడే ఉంటుంది. తొట్టిలో కొంచెం బీట్‌రూట్ రసమో రంగు నీళ్లో పోసి, అరగంట ఫ్లష్ చేయకుండా వదిలి చూడాలి. కింద బేసిన్‌లో రంగు కనబడితే తొట్టి అడుగునున్న రబ్బరు మూత సరిగా కూర్చోవడం లేదన్నమాట.

ఇంత కొలిచాక ఆ అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "సార్, మనం ఇక్కడ నల్లా కడితే నీళ్లు లేని ఊరికి ఎట్ల పోతయి?" చాలా స్పీచుల్లో ఈ మాట దాటేస్తారు. దానికి నిజమైన జవాబు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో దాన్నిబట్టి ఉంటుంది.

మా బడిది బోరు నీళ్లు. తెలంగాణలో ఎక్కువ భాగం నేల కింద ఉన్నది గ్రానైటు బండ. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద బండ. నీళ్లు మొరంలోనూ, బండలోని నెర్రెల్లోనూ మాత్రమే నిలుస్తాయి. కోనసీమ ఇసుక నేలల్లో లాగా లోతంతా నీళ్లు పట్టి ఉండవు. వానాకాలంలో ఆ నెర్రెల్లోకి దిగినంతే మళ్లీ వానాకాలం దాకా ఉండే నిల్వ. జనవరిలో తోడి మోరీలో పోసిన నీళ్లు ఏప్రిల్‌లో ఉండవు. ఏప్రిల్‌లో బోరు ఆగి ఆగి పోస్తుంది, గాలి, బురద కలిసి వస్తాయి, మోటారు కాలిపోతుంది. కాబట్టి మేం కట్టిన నల్లా నీళ్లు పక్క జిల్లాకు పోవు. అవి మా బోరులోనే, మా చుట్టుపక్కల ఇళ్ల బోర్లలోనే ఇంకొన్ని వారాలు ఉంటాయి. ఒలికిన నీళ్లు తిరిగి నేలలోకే పోతాయి కదా అని కొందరంటారు. మట్టిలో పడితే కొంత ఇంకుతుంది, నిజమే. కానీ సిమెంటు మోరీలోంచి మురుగుకాలువలోకి పోయినవి మా నెర్రెల్లోకి తిరిగి రావు. వాటిని పైకి తోడిన కరెంటూ తిరిగి రాదు.

హైదరాబాద్ లాంటి చోట లెక్క వేరు. అక్కడ నల్లాలో వచ్చేది ఎక్కువగా నాగార్జునసాగర్ వైపు నుంచి వచ్చే కృష్ణా నీళ్లు, ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీళ్లు, సింగూరు, మంజీర నీళ్లు. కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, మోటార్ల మీద ఎత్తుకు ఎక్కి వస్తాయి. చాలా వీధుల్లో నీళ్లు రోజంతా రావు, వదిలిన కొద్ది గంటలే వస్తాయి. ఆ గంటల్లో లైను మొదట్లో ఉన్న సంపులు నిండి ఫ్లోట్ వాల్వులు ఎంత త్వరగా మూసుకుంటే, చివరి ఇళ్లకు అంత ఒత్తిడి దక్కుతుంది. సంపు పొర్లుతున్న ఇల్లు వీధి చివరి ఇంటి బిందెను ఖాళీగా ఉంచుతోంది. అక్కడ "పక్కవాళ్లకు నీళ్లు" అనే మాట అక్షరాలా నిజం, కాకపోతే ఆ పక్కవాళ్లు అదే వీధిలో ఉంటారు.

ఇంటి అలవాట్ల సంగతి ఒక్కటి. పళ్లు తోముకునే రెండు నిమిషాలూ నల్లా తెరిచి ఉంటే మా నల్లా ధార లెక్కన 12 లీటర్లు, చెంబుతో అయితే లీటరులో అయిపోతుంది. ఆర్ఓ రకం వాటర్ ప్యూరిఫయర్ ఉన్న ఇంట్లో పక్క గొట్టంలోంచి పోయే నీళ్లను బకెట్‌లోకి పడితే ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి సరిపోతాయి. వాటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి రోజూ మొక్కలకు మాత్రం పోయవద్దు.

ఇవన్నీ అయ్యాక అమ్మాయి మూడు పేజీలూ పక్కన పెట్టి కొత్తగా రాసుకుంది. ఆ తర్వాతి సోమవారం వేదిక మీద మూడు లీటరు సీసాలు, ఒక బకెట్ పెట్టుకుని చెప్పిన స్పీచ్ ఇది.

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, నా తోటి విద్యార్థులకు శుభోదయం.

ఈ మూడు సీసాల్లో మూడు లీటర్ల నీళ్లున్నాయి. నిన్నటిదాకా మనలో ఒక్కొక్కరం అన్నానికి ముందు చేతులు కడుక్కోవడానికి వాడినవి ఇవి. ఇప్పుడు చూడండి. (రెండు సీసాలు బకెట్‌లో వంపింది.) ఈ రెండూ మన చేతులకు తగలలేదు. మనం సబ్బు రుద్దుతుంటే పక్కనుంచి మోరీలోకి పోయాయి. చేతులు కడిగింది ఈ మిగిలిన ఒక్క సీసానే.

మనం 400 మందిమి. రోజుకు 800 లీటర్లు. మన ట్యాంకులో 2000 లీటర్లు పడతాయి. అంటే రెండున్నర రోజులకు ఒక ట్యాంకు నీళ్లు మనం వాడకుండానే పోతున్నాయి. గేటు దగ్గర కారిన నల్లాను మనమందరం చూశాం. అది నెలకు 540 లీటర్లు కార్చింది. దాన్ని సార్ బాగు చేయించారు. ఈ 800 లీటర్ల నల్లాను సార్లు బాగు చేయలేరు. అది మన చేతిలో ఉంది.

ఈరోజు నుంచి భోజనాల వరుస పక్కన రెండు బకెట్లు ఉంటాయి. మగ్గుతో చేతులు తడుపుకోండి. వరుసలో నడుస్తూ సబ్బు రుద్దండి, ఇరవై లెక్కపెట్టండి. నల్లా దగ్గర కడుక్కుని, కట్టి, జరగండి. తర్వాతివాళ్ల కోసం తెరిచి ఉంచకండి.

ట్యాంకు పొర్లడం ఎవరు చూసినా తరగతి మధ్యలోనైనా లేచి చెప్పవచ్చని హెచ్ఎం సార్ అనుమతి ఇచ్చారు. ఎక్కడైనా బొట్టు కారుతుంటే స్టాఫ్‌రూము బయట వేలాడదీసిన నోటుబుక్కులో రాయండి.

ఈ బకెట్‌లోని రెండు లీటర్లు ఇప్పుడు మన వేపమొక్కకు పోస్తాను. ధన్యవాదాలు."

మూడు నిమిషాల్లో అయిపోయింది. మొదటి వారం భోజనాల వరుస చక్కగా నడిచింది. రెండో వారం బకెట్లు నింపే ఇద్దరు పిల్లలు సెలవు పెట్టిన రోజు అందరూ పాత పద్ధతికే వెళ్లిపోయారు. ఆ పని వంతులవారీగా తరగతులకు పంచాక మళ్లీ దారిన పడింది. నెల తర్వాత గడియారం పట్టుకుని నిలబడితే నల్లా తెరిచి ఉండే సమయం ఒక్కొక్కరికి 13, 14 సెకన్ల దగ్గర ఉంది, పది దాకా రాలేదు. చిన్న తరగతుల పిల్లల చేతికి ఆ మర ఇప్పటికీ బిగువే. వాళ్లు నిలబడే చివరి రెండు నల్లాలకు పావు చుట్టు రకం పెట్టించమని అర్జీ రాశాం.

ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం కర్ర దించేది ఆ అమ్మాయే. పైపు జాయింటు మార్చాక వచ్చిన మొదటి సోమవారం తడి గీత, శనివారం గీసిన గీత మీదే ఉంది. గోడ వెనక గడ్డి మరో పది రోజులకు మిగతా ఊరి గడ్డిలాగే ఎండిపోయింది.